వార్డెన్ సంతకం చాలదు

ఫీల్డ్‌వర్క్‌కు బయల్దేరే పీజీ విద్యార్థి ఎవరి దగ్గర అనుమతి తీసుకోవాలి? ఏమని అడగాలి? అవతలి మనిషి ‘సరే’ అన్నంత మాత్రాన అది అంగీకారం అవుతుందా? ఖమ్మం జిల్లాలో 2009-10లో జరిగిన ఒక టీకా ప్రాజెక్టు కథ తెలిస్తే ఈ ప్రశ్నలు ఎందుకు అడగాలో అర్థమవుతుంది.

2009 జూలైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో ఆ ప్రాజెక్టు మొదలైంది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల వయసున్న ఆడపిల్లలు సుమారు 14,000 మందికి హెచ్‌పీవీ టీకా మూడు డోసుల్లో వేయాలన్నది పథకం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ రాకుండా కాపాడే టీకా ఇది. అమెరికాకు చెందిన పాథ్ అనే సంస్థ ప్రాజెక్టును నడిపింది. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం భాగస్వాములు. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాంటి ప్రాజెక్టే సాగింది.

టీకా వేయించుకున్న పిల్లల్లో ఎక్కువమంది పేద కుటుంబాల వాళ్లు. గిరిజన తండాల నుంచి, కోయ గూడేల నుంచి వచ్చి ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న వాళ్లు చాలామంది అందులో ఉన్నారు. 2010 మార్చిలో సమ అనే మహిళా ఆరోగ్య సంస్థ బృందం భద్రాచలం ప్రాంతానికి వచ్చి పిల్లలతోనూ తల్లిదండ్రులతోనూ మాట్లాడింది. ఇది అందరికీ ప్రభుత్వం వేసే మామూలు టీకాయేనని అక్కడి వాళ్లు అనుకున్నారని ఆ బృందం నివేదిక ఇచ్చింది. పరిశోధనలో భాగమన్న సంగతి వాళ్లకు తెలియదు. పిల్లల చేతికిచ్చిన టీకా కార్డులు ఇంగ్లీషులో ఉన్నాయి.

టీకా వేయించుకున్న పిల్లల్లో రెండు రాష్ట్రాల్లోనూ కలిపి ఏడుగురు చనిపోయారన్న వార్తతో గొడవ పెద్దదైంది. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును ఆపేసింది. తర్వాత ప్రభుత్వం వేసిన విచారణ సంఘం, ఆ మరణాలకూ టీకాకూ సంబంధం ఉన్నట్టు ఆధారాలు లేవని తేల్చింది. హెచ్‌పీవీ టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తోంది. ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. కాబట్టి ఇక్కడ తప్పు టీకాది కాదు. మరి తప్పెక్కడ జరిగింది?

కాగితాల్లో జరిగింది. ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖపై ఏర్పాటైన పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన 72వ నివేదికలో ఆ కాగితాల లెక్క ఉంది. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి లెక్కకు వచ్చిన అంగీకార పత్రాలు 9,543. వాటిలో 1,948 పత్రాల మీద ఉన్నవి వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది తల్లీ కాదు, తండ్రీ కాదు. హాస్టల్ వార్డెన్లు! అంటే పదింట మూడు పత్రాల దాకా వార్డెన్ల సంతకంతోనే నడిచిపోయాయి. పాఠశాలల్లో, హాస్టళ్లలో హెడ్‌మాస్టర్లు, టీచర్లు, వార్డెన్లు తల్లిదండ్రుల తరఫున తప్పనిసరిగా సంతకాలు చేయాలంటూ రాష్ట్ర ప్రభుత్వం సర్క్యులర్ ఇవ్వడాన్ని సంఘం తీవ్రంగా తప్పుపట్టింది.

ఆ వార్డెన్లలో చెడ్డ ఉద్దేశం ఎవరికీ ఉండి ఉండకపోవచ్చు. పిల్లలకు మంచి టీకా వస్తోంది, తల్లిదండ్రులు దూరాన అడవిలో ఉన్నారు, పైనుంచి ఆదేశం వచ్చింది, సంతకం పెట్టేశారు. పీజీ విద్యార్థి చదవాల్సిన పాఠం ఇక్కడే ఉంది. ఫీల్డులో జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం ఇలా పని సులువుగా, మర్యాదగా జరిగిపోతున్నప్పుడే జరుగుతాయి.

‘నాది ఒట్టి సర్వేనే కదా’

పాథ్ తన ప్రాజెక్టును క్లినికల్ ట్రయల్‌గా ఒప్పుకోలేదు. ఇప్పటికే లైసెన్సు ఉన్న టీకాను జనానికి ఎలా అందించాలో చూడటానికి చేసిన ప్రయత్నం మాత్రమేనని వాదించింది. పార్లమెంటరీ సంఘం ఆ వాదనను ఒప్పుకోలేదు. పేరు ఏం పెట్టుకున్నా, మనుషుల మీద సమాచారం సేకరిస్తున్నప్పుడు వాళ్ల రక్షణకు ఉన్న నియమాలు తప్పించుకోవడం కుదరదన్నది దాని అభిప్రాయం.

ఎంఏ సోషియాలజీ, ఎంఎస్‌డబ్ల్యూ, జర్నలిజం, పబ్లిక్ హెల్త్ విద్యార్థుల నోటా ఇలాంటి మాటే వినిపిస్తుంటుంది. ‘మేం సూది వేయడం లేదు, మందు ఇవ్వడం లేదు, నాలుగు ప్రశ్నలు అడిగి వచ్చేస్తాం. దీనికి ఎథిక్స్ కమిటీ ఎందుకు?’ అంటారు. సూదితో వచ్చే ప్రమాదం ఒక రకం. మాటతో వచ్చే ప్రమాదం ఇంకో రకం. భర్త అప్పుల గురించి చెప్పిన ఆడమనిషి మాట షావుకారు చెవిన పడితే ఆమెకు మళ్లీ అప్పు పుట్టదు. హాస్టల్ భోజనం బాగాలేదని చెప్పిన పిల్ల ఎవరో వంటమనిషికి తెలిస్తే ఆ పూట నుంచే ఆమె పళ్లెంలో తేడా కనబడుతుంది. ఇవన్నీ విద్యార్థి థీసిస్ సమర్పించి, ఉద్యోగంలో చేరిపోయాక కూడా ఆ ఊళ్లో మిగిలిపోయే సంగతులు.

మనుషుల మీద పరిశోధనకు వాళ్ల స్వచ్ఛంద అంగీకారం తప్పనిసరి అన్న సూత్రం 1947లో న్యూరెంబర్గ్‌లో నాజీ వైద్యుల మీద వచ్చిన తీర్పుతో పుట్టింది. మన దేశంలో ఇప్పుడు ప్రామాణికంగా తీసుకునేది ఐసీఎంఆర్ 2017లో ప్రచురించిన జాతీయ నైతిక మార్గదర్శకాలు. అవి వైద్య పరిశోధనకే కాదు, ఆరోగ్యానికి సంబంధించిన సామాజిక పరిశోధనకూ వర్తిస్తాయి.

ఒక డిసర్టేషన్ కథ

విషయం తేలిగ్గా అర్థం కావాలంటే ఒక ఉదాహరణ తీసుకుందాం. యూనివర్సిటీలో ఎంఎస్‌డబ్ల్యూ రెండో ఏడాది చదువుతున్న ఒక అమ్మాయి ఉందనుకుందాం. ఏజెన్సీలోని బాలికల ఆశ్రమ పాఠశాలలో ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు నెలసరి రోజుల్లో ఎలా నెట్టుకొస్తున్నారు, ప్యాడ్లు దొరుకుతున్నాయా, బాత్‌రూముల్లో నీళ్లున్నాయా, ఆ రోజుల్లో బడి మానేస్తున్నారా అన్నది ఆమె అంశం. మంచి అంశమే. పిల్లలకు పనికొచ్చేదే. అయినా ఖమ్మం కథలోని చిక్కులన్నీ ఇందులోనూ ఉన్నాయి. పిల్లలు పద్దెనిమిదేళ్ల లోపువాళ్లు, గిరిజనులు, హాస్టల్లో ఒకరి అదుపులో ఉన్నవాళ్లు. మార్గదర్శకాల లెక్కన ఈ మూడూ ప్రత్యేక రక్షణ కావాల్సిన పరిస్థితులే.

మొదటి మెట్టు ఎథిక్స్ కమిటీ. ఆమె తన ప్రతిపాదన, పిల్లలను అడగబోయే ప్రశ్నలు, వాళ్లకూ తల్లిదండ్రులకూ ఇచ్చే సమాచార పత్రం, అంగీకార పత్రం, ఇవన్నీ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ కమిటీకి ఇవ్వాలి. ఐసీఎంఆర్ లెక్క ప్రకారం కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. అధ్యక్షుడు ఆ సంస్థకు బయటి మనిషి కావాలి. పరిశోధనతో సంబంధం లేని సామాన్యుడు కూడా ఒకరుండాలి. ఆ సామాన్యుడి పని చిన్నది కాదు. ఫారం చదివి ‘ఇది మా అమ్మకు అర్థం కాదు’ అనగలిగేది ఆయనే.

ఇక్కడ విద్యార్థులు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడే ఇంటర్వ్యూలు చేసేసుకుని, తర్వాత కమిటీకి దరఖాస్తు పెడతారు. జరిగిపోయిన పనికి కమిటీ అనుమతి ఇవ్వదు. ఆ సమాచారం ఎంత బాగున్నా పక్కన పెట్టాల్సిందే. కమిటీ సమావేశాలు రోజూ జరగవు, సవరణలు అడిగితే ఇంకొంత కాలం పడుతుంది. కాబట్టి ఫీల్డుకు వెళ్లాలనుకున్న తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుని, కొన్ని నెలల ముందే దరఖాస్తు పెట్టుకోవడం మంచిది.

గేటు దగ్గర దొరికేది అనుమతే

రెండో మెట్టు అధికారులు. ఆశ్రమ పాఠశాలలోకి వెళ్లాలంటే ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి ఉత్తర్వు కావాలి. ఆ కాగితం చూపిస్తే హెడ్‌మాస్టర్ లోపలికి రానిస్తారు. ఊళ్లో అయితే సర్పంచ్, గూడెంలో అయితే కులపెద్ద లేదా పటేల్. పరిశోధన భాషలో వీళ్లను గేట్‌కీపర్లు అంటారు. గేటు తెరవడం వరకే వాళ్ల అధికారం. లోపలున్న మనిషి నోరు తెరిచి తన విషయం చెప్పాలా వద్దా అన్నది ఆ మనిషి ఇష్టం. పెద్దల అనుమతి తీసుకున్నా, ఒక్కొక్క వ్యక్తి అంగీకారం విడిగా తీసుకోవాలని ఐసీఎంఆర్ మార్గదర్శకాలు చెబుతాయి.

హాస్టల్లో ఈ తేడా ఎలా చెరిగిపోతుందో చూడటం కష్టం కాదు. మన విద్యార్థిని ఉత్తర్వు చూపించగానే వార్డెన్ ఆదరంగానే మాట్లాడుతుంది.

‘కూర్చో అమ్మా, టీ తాగు. ఎంతమంది కావాలి నీకు? ముప్పై మందా? ఏయ్, ఎనిమిదో తరగతి పిల్లలందర్నీ హాల్లోకి రమ్మను. మేడం గారు ఏదో అడుగుతారంట, చక్కగా జవాబు చెప్పాలి.’

అయిదు నిమిషాల్లో ముప్పై మంది పిల్లలు వరసగా కూర్చుంటారు. పని సులువైపోయింది. కానీ ఆ ముప్పై మందిలో ‘నాకిష్టం లేదు’ అనగలిగే పిల్ల ఒక్కతైనా ఉంటుందా? వార్డెన్ పిలిస్తే వచ్చారు, వార్డెన్ చెప్పమంటే చెబుతారు. విద్యార్థిని తర్వాత చదివి వినిపించే సమాచార పత్రానికి ఇక అర్థం లేదు. 2009లో వార్డెన్ కాగితం మీద చేసిన పనినే, ఇక్కడ వార్డెన్ నోటి మాటతో చేసింది.

దీనికి విరుగుడు పెద్ద కష్టమైనదేమీ కాదు. పిల్లలను పిలిపించే పని వార్డెన్‌కు అప్పగించకూడదు. తరగతిలో అందరికీ ఒకసారి విషయం వివరించి, ‘మాట్లాడాలనుకున్న వాళ్లు సాయంత్రం ఆటల వేళ ఫలానా చెట్టు దగ్గరికి రండి, రాకపోయినా పర్వాలేదు, ఎవరొచ్చారో ఎవరు రాలేదో నేను మేడంకు చెప్పను’ అని చెప్పి రావాలి. మాట్లాడే చోటు వార్డెన్‌కు కనబడేంత దగ్గరగా, వినబడనంత దూరంగా ఉండాలి. కనబడటం పిల్ల భద్రతకు, వినబడకపోవడం ఆమె రహస్యానికి.

ఇలా చేస్తే ముప్పై మంది రారు. పన్నెండు మందే రావచ్చు. గైడ్ సంఖ్య తగ్గిందని అడిగితే ఆ కారణాన్నే థీసిస్‌లో రాసుకోవచ్చు. అసలు అనుమానించాల్సింది అడిగినవాళ్లంతా ఒప్పుకున్నప్పుడు. నూటికి నూరు మంది సరేనన్నారంటే వాళ్లలో కొందరికైనా కాదనే వీలు లేకపోయి ఉంటుంది.

తల్లిదండ్రులు, తర్వాత పిల్ల

మూడో మెట్టు తల్లిదండ్రులు. పిల్లకు పద్దెనిమిదేళ్లు నిండేదాకా తల్లి గానీ తండ్రి గానీ, లేదా చట్టప్రకారం సంరక్షకులు గానీ అంగీకారం ఇవ్వాలి. వాళ్లు ఒప్పుకున్నాక పిల్లను కూడా అడగాలి. ఏడు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలైతే నోటి మాటగా, పన్నెండు నుంచి పద్దెనిమిది లోపు వాళ్లయితే రాతపూర్వకంగా ఆ పిల్లల సమ్మతి తీసుకోవాలని 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. తల్లి సరేనన్నా పిల్ల వద్దంటే అక్కడితో ఆగిపోవాలి.

తల్లిదండ్రులు దూరాన ఉన్నారు కదా, వార్డెనే సంరక్షకురాలు అనుకుంటే పోలేదా? అలా అనుకున్నందుకే 2,763 కాగితాలు పార్లమెంటు దాకా వెళ్లాయి. పిల్లను హాస్టల్లో చేర్చిన తండ్రి ఆమె తిండి, చదువు, భద్రత వార్డెన్‌కు అప్పగించాడు. ఆమె మీద పరిశోధన చేయడానికి అప్పగించలేదు. దారి లేకపోలేదు. తల్లిదండ్రులు పిల్లలను చూడటానికి వచ్చే రోజులుంటాయి. పండగ సెలవులకు తీసుకెళ్లడానికి, మళ్లీ దించడానికి వస్తారు. ఆ రోజుల్లో హాస్టల్ గేటు దగ్గర ఉంటే చాలామందిని కలవొచ్చు. రానివాళ్ల గూడేనికి తనే వెళ్లాలి. ఫీల్డ్‌వర్క్‌లో ఎక్కువ సమయం దీనికే పోతుంది. ప్రణాళికలో ఆ సమయం ముందే వేసుకోవాలి.

కాగితం మీద ఏం రాయాలి

సమాచార పత్రం రాయడంలో విద్యార్థులు చేసే తప్పు దాదాపు ఒకటే. ఇంగ్లీషు నమూనా తీసుకుని మాటకు మాట తెలుగు చేస్తారు. ‘ఈ అధ్యయనమందు మీ భాగస్వామ్యం పూర్తిగా స్వచ్ఛందమైనదని, ఏ సమయమునందైనా ఉపసంహరించుకొను హక్కు మీకు కలదని ఇందుమూలముగా తెలియజేయడమైనది’ అని రాస్తారు. కమిటీ ఆమోదిస్తుంది. గూడెంలో తల్లికి మాత్రం రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితంలా వినబడుతుంది.

అదే విషయాన్ని ఇలా రాయొచ్చు: ‘మీ పాపతో నేను ఒక అరగంట మాట్లాడతాను. నెలసరి రోజుల్లో హాస్టల్లో ఎలా గడుస్తోందో అడుగుతాను. ఇది నా చదువు కోసం. నేను గవర్నమెంటు మనిషిని కాను. దీనివల్ల మీకు డబ్బు గానీ పథకం గానీ ఏదీ రాదు. మీకిష్టం లేకపోతే వద్దనండి, పాప హాస్టల్ సీటుకు గానీ చదువుకు గానీ ఏమీ కాదు. మాట్లాడేటప్పుడు మధ్యలో ఆపేయమన్నా ఆపేస్తాను. తర్వాత కూడా పాప చెప్పినవి తీసేయమంటే ఫలానా తేదీలోగా చెప్పండి, తీసేస్తాను.’ కింద విద్యార్థిని ఫోన్ నంబరు, గైడ్ పేరు, ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు ఉండాలి. ఒక ప్రతి తల్లి దగ్గరే ఉంచేయాలి.

ఇందులో ‘నేను గవర్నమెంటు మనిషిని కాను’ అన్న వాక్యానికి చాలా విలువుంది. పుస్తకం, పెన్ను పట్టుకుని ఎవరొచ్చినా మన పల్లెల్లో ‘సర్వేకు వచ్చారు’ అంటారు. సర్వే అంటే రేషన్ కార్డు, పింఛను, ఇల్లు. ‘అమ్మా, మా ఇల్లు శాంక్షన్ అయిందా?’ అని ముసలాయన అడిగాడంటే ఆయన ఇచ్చిన అంగీకారం పరిశోధనకు కాదు, ఇంటికి. అక్కడ ఆగి మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. ‘అలాగే లెండి’ అని దాటేస్తే ఆ మనిషిని మోసం చేసినట్టే. ఖమ్మంలో తల్లిదండ్రులు ప్రభుత్వ టీకా అనుకుని ఊరుకున్నది ఇలాంటి పొరపాటు వల్లనే.

కోయ గూడెంలో ఇంకో చిక్కుంది. తల్లికి తెలుగు వస్తుంది, కానీ ఇంట్లో మాట్లాడేది కోయ. మార్కెట్లో బేరానికి సరిపోయే తెలుగు, ఇలాంటి కాగితం అర్థం చేసుకోవడానికి సరిపోకపోవచ్చు. దుబాసీగా ఎవరిని పెట్టుకోవాలన్నది కూడా ఆలోచించాలి. వార్డెన్‌నో, పంచాయతీ కార్యదర్శినో పెట్టుకుంటే మళ్లీ పాత చిక్కే. ఆ భాష తెలిసిన, ఆ హాస్టల్‌తో పని లేని మనిషి కావాలి.

అర్థమైందో లేదో తెలుసుకోవడానికి ‘అర్థమైందా?’ అని అడగడం వల్ల లాభం లేదు. మర్యాదకు అందరూ అర్థమైందనే అంటారు. ‘అమ్మా, నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటాను. నేనెందుకు వచ్చానో, మీరు వద్దంటే ఏమవుతుందో మీ మాటల్లో ఒకసారి చెబుతారా?’ అని అడగాలి. ‘వద్దంటే పాప పేరు కొట్టేస్తారేమో’ అని ఆమె అంటే, అంతసేపు చెప్పిందంతా అందలేదన్నమాట.

వేలిముద్ర వెనక

చదువు రాని మనిషి దగ్గర వేలిముద్ర తీసుకోవడం తప్పు కాదు. దానికో పద్ధతి ఉంది. కాగితంలో ఉన్నదంతా చదివి వినిపించేటప్పుడు, పరిశోధనతో సంబంధం లేని, చదువొచ్చిన సాక్షి ఒకరు మొదటి నుంచి చివరి దాకా అక్కడే ఉండాలి. చదివి వినిపించినది, కాగితంలో ఉన్నది ఒకటేనని, ఆ మనిషి తన ఇష్టంతోనే ఒప్పుకుందని ఆ సాక్షి సంతకం పెట్టాలి. చివర్లో పిలిచి సంతకం పెట్టించుకునే సాక్షి సాక్షి కాదు.

వేలిముద్ర అంటేనే భయపడే వాళ్లుంటారు. అప్పు పత్రం మీద, భూమి కాగితం మీద నిశానీ వేసి నష్టపోయిన కుటుంబాలకు ఆ భయం ఊరికే రాలేదు. ‘ఎన్నైనా అడుగమ్మా చెబుతా, కాగితం మీద మాత్రం వేలు పెట్టను’ అనే పెద్దావిడ పరిశోధనకు ఒప్పుకున్నట్టే, కాగితానికే ఒప్పుకోలేదు. ఇలాంటి చోట నోటి మాట అంగీకారం తీసుకుని, దాన్ని సాక్షి సమక్షంలో రాసుకోవడమో, ఆమె అనుమతితో రికార్డు చేయడమో చేయొచ్చు. అయితే ఈ వెసులుబాటు కావాలని ఎథిక్స్ కమిటీని ముందుగానే అడిగి ఉండాలి. ఫీల్డులో అప్పటికప్పుడు సొంతంగా నిర్ణయించుకోకూడదు.

‘ఎవరికీ చెప్పను’ అనొచ్చా?

పిల్లతో మాట్లాడేటప్పుడు విద్యార్థిని నోటికి తేలిగ్గా వచ్చే మాట, ‘నువ్వేం చెప్పినా ఎవరికీ చెప్పను’. ఈ మాట ఇవ్వకూడదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక పిల్ల ఆగి, ‘అక్కా, ఒకటి చెబుతా, మేడంకు చెప్పొద్దు’ అని తన మీద జరిగిన లైంగిక వేధింపు గురించి చెప్పిందనుకుందాం. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఏ వ్యక్తయినా పోలీసులకు గానీ ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గానీ తెలియజేయాలి. తెలియజేయకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు శిక్ష పడొచ్చు. పరిశోధకులకు మినహాయింపు లేదు.

అందుకని మొదట్లోనే హద్దు చెప్పేయాలి: ‘నువ్వు చెప్పింది నీ పేరుతో ఎక్కడా రాయను. కానీ నిన్నెవరైనా హింసిస్తున్నారని తెలిస్తే మాత్రం నీకు సాయం చేసేవాళ్లకు చెప్పాల్సి వస్తుంది.’ ఇది విన్నాక ఏం చెప్పాలో ఏం చెప్పకూడదో పిల్లే తేల్చుకుంటుంది. ఎవరికి ఫోన్ చేయాలి, గైడ్‌కు ఎప్పుడు చెప్పాలి, పిల్లకు తోడుగా ఎవరుంటారు అన్నవి ఫీల్డుకు వెళ్లకముందే కాగితం మీద రాసి పెట్టుకోవాలి. పిల్లల సహాయ నంబరు 1098 ఆ కాగితంలో మొదట ఉండాలి.

పేరు మార్చితే సరిపోదు

ఇంటర్వ్యూ అయిపోయాక కూడా అంగీకారం అయిపోదు. పిల్ల మాటలు ఫోన్‌లో రికార్డయ్యాయి. ఆ ఫోన్ దానంతటదే ఫైళ్లను క్లౌడ్‌లోకి ఎక్కిస్తుంటుంది. విద్యార్థిని వాటిని గైడ్‌కు వాట్సాప్‌లో పంపుతుంది. హాస్టల్ పిల్లలతో దిగిన ఫొటో స్టేటస్‌గా పెడుతుంది. పిల్ల తల్లి వీటిలో దేనికీ ఒప్పుకోలేదు. రికార్డింగుకు విడిగా అనుమతి అడగాలి. ఆటో బ్యాకప్ ఆపేయాలి. పేర్లకు బదులు నంబర్లు పెట్టి, ఏ నంబరు ఎవరిదో చెప్పే జాబితాను వేరే చోట, తాళం వేసి ఉంచాలి. మాటలు రాసుకోవడం పూర్తయ్యాక ఆడియోను ఎప్పుడు తుడిచేస్తారో సమాచార పత్రంలోనే చెప్పాలి.

థీసిస్ రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త. పిల్ల పేరు ‘లక్ష్మి’ అని మార్చి, ‘ఎనిమిదో తరగతి, తండ్రి లేడు, పోయిన ఎండాకాలం అపెండిసైటిస్ ఆపరేషన్ అయింది’ అని రాస్తే, ఆ హాస్టల్లో ఎవరికైనా ఆ పిల్లెవరో ఇట్టే తెలిసిపోతుంది. మండలంలో ఒకే ఒక బాలికల ఆశ్రమ పాఠశాల ఉంటే స్కూలు పేరు రాయకుండా మండలం పేరు రాసినా అంతే. వివరం వాదనకు అవసరమైతేనే ఉంచాలి, లేదంటే తీసేయాలి. ప్రచురించే ముందు ఆ హాస్టల్ టీచర్ ఒకరు ఈ పేరా చదువుతున్నారని ఊహించుకుంటే ఏది తీసేయాలో తెలుస్తుంది.

ఖమ్మంలో పోయినదేమిటి

2010 తర్వాత ఈ వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ కేసులో భాగంగానే పార్లమెంటరీ సంఘాల నివేదికలను కోర్టులు చూడొచ్చా అన్న ప్రశ్న వచ్చి, చూడొచ్చని రాజ్యాంగ ధర్మాసనం 2018 మేలో తీర్పు చెప్పింది. టీకా విషయంలో మాత్రం నష్టం జరిగిపోయింది. పిల్లలను క్యాన్సర్ నుంచి కాపాడగలిగే టీకా పేరెత్తితే చాలు, ‘అప్పట్లో ఖమ్మంలో పిల్లల మీద ప్రయోగం చేశారట కదా’ అనే అనుమానం ముందుకొచ్చింది. అడగాల్సిన వాళ్లను అడిగి ఉంటే, అర్థమయ్యేలా చెప్పి ఉంటే, ఒప్పుకోని వాళ్లను వదిలేసి ఉంటే ఈ అనుమానానికి ఇంత బలం వచ్చేది కాదు. విద్యార్థి చేసే చిన్న సర్వే కూడా ఇలాగే తర్వాత వచ్చే వాళ్ల దారిని తెరవనూగలదు, మూసేయనూగలదు.

చివరగా పాఠకులకు ఒక మాట. పరిశోధన అనో సర్వే అనో మీ గుమ్మంలోకి ఎవరైనా వచ్చినప్పుడు, మీ పిల్లల బడి నుంచి ఏదైనా ఫారం వచ్చినప్పుడు తొందరపడి సంతకం చేయకండి. వాళ్లు ఏ యూనివర్సిటీ, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, వద్దంటే ఏమవుతుంది, చెప్పిన మాటలు ఎవరి చేతికి వెళ్తాయి అని అడగండి. సమాచార పత్రం ప్రతి ఒకటి అడిగి తీసుకుని ఇంట్లో ఉంచుకోండి. దాని మీద కమిటీ ఫోన్ నంబరు లేకపోతే ఆ రోజుకు సంతకం పెట్టకుండా పంపించేయండి.